చీర సాగకుండా, అంచు తెగకుండా: ఇమేజ్ ఎడిట్‌లో కొలతలు ఎలా పెట్టుకోవాలి

ప్రశ్న: "ఫోన్‌లో నిలువుగా తీసిన 1080×1920 ఫొటోను స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్‌యూఐలో వేసి గద్వాల చీర మీది జాకెట్టు మారుస్తున్నాను. ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్ కాబట్టి సైజు 1024×1024 పెట్టాను. ఒకసారి చీర అడ్డంగా సాగిపోతోంది, ఇంకోసారి తల, కింది అంచు రెండూ తెగిపోతున్నాయి. ఏ సెట్టింగు మార్చాలి?"

ముందు పని జరగడానికి కావలసిన అంకెలు చెప్తాను. చీర మొత్తాన్ని మార్చే పని అయితే `Width` 720, `Height` 1280 పెట్టండి. ఒక్క జాకెట్టునే మార్చే పని అయితే `Inpaint area` దగ్గర `Only masked` ఎంచుకుని, `Width`, `Height` రెండూ 1024 గానే ఉంచి, `Only masked padding, pixels` ను 32 నుంచి 100 దాకా పెంచండి. ఈ రెండు మార్పులతో మీ ఇబ్బంది తీరుతుంది. అయితే ఆ అంకెలు ఎందుకు పనిచేస్తాయో తెలియకపోతే, రేపు ఇంకో కొలత ఉన్న ఫొటో వచ్చినప్పుడు మళ్ళీ మొదటికి వస్తారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ ఫొటో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 9:16. మీరు అడిగిన ఫలితం 1:1. ఈ రెండూ ఒకటి కావు కాబట్టి, బొమ్మ మోడల్‌కు చేరడానికి ముందే వెబ్‌యూఐ దాన్ని ఏదో ఒక విధంగా చతురస్రంలోకి ఇమిడ్చి తీరాలి. ఎలా ఇమిడ్చాలన్నది `Resize mode` చెప్తుంది. `Just resize` పెడితే వెడల్పును 1080 నుంచి 1024 కు, ఎత్తును 1920 నుంచి 1024 కు విడివిడిగా కుదిస్తుంది. అంటే వెడల్పు ఇంచుమించు అలాగే ఉండిపోయి ఎత్తు దాదాపు సగానికి పడిపోతుంది. కుచ్చిళ్ళు అడ్డంగా విప్పారినట్టు, మనిషి 1.78 రెట్లు లావైనట్టు కనిపించడానికి కారణం అదే. `Crop and resize` పెడితే నిష్పత్తి చెడదు కానీ, ఫొటో మధ్యలోని 1080×1080 ముక్క మాత్రమే మిగిలి పైన 420, కింద 420 వరుసల పిక్సెళ్ళు పోతాయి. నిలువు ఫొటోలో ఆ 420 వరుసల్లోనే పైన తల, కింద చీర అంచు ఉంటాయి. మూడోది `Resize and fill`: ఇది బొమ్మను చెడగొట్టకుండా 576×1024 కు తగ్గించి, రెండు పక్కలా మిగిలిన 224 పిక్సెళ్ళ చొప్పున ఖాళీని అంచు రంగులతో సాగదీసి నింపుతుంది. మూడింటిలో చీరకు హాని చేయనిది ఇదొక్కటే. కానీ మీ దగ్గరున్న పిక్సెళ్ళలో దాదాపు సగం పక్క ఖాళీలకే ఖర్చయిపోతాయి కాబట్టి, వేరే దారి లేనప్పుడే దాన్ని వాడాలి.

మీరు ఒకసారి మొదటి సెట్టింగుతో, ఇంకోసారి రెండో సెట్టింగుతో ప్రయత్నించి ఉంటారు. రెండు ఫలితాలూ రెండు వేరు లోపాల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒకటే: లోపలికి వెళ్ళిన బొమ్మ నిష్పత్తి, బయటికి రావాలని అడిగిన నిష్పత్తి కలవకపోవడం. ఆ రెండూ కలిస్తే `Resize mode` లోని ఈ మూడింటిలో ఏది ఉన్నా తేడా రాదు, ఎందుకంటే అప్పుడు సాగదీయడానికి గానీ కోయడానికి గానీ ఏమీ మిగలదు.

ఎస్‌డీఎక్స్‌ఎల్‌కు 1024×1024 తప్పనిసరి అన్న మాట చాలాచోట్ల చూస్తుంటాం. నిజానికి ఆ మోడల్‌కు కావలసింది చతురస్రం కాదు, ఇంచుమించు అంత వైశాల్యం. 2023 లో వచ్చిన ఆ మోడల్‌ను శిక్షణ చివరి దశలో రకరకాల నిష్పత్తుల బొమ్మలతో నేర్పారు. మొత్తం పిక్సెళ్ళ సంఖ్య 1024×1024 కు దగ్గరగా ఉండేలా చూస్తూ, 768×1344, 832×1216, 896×1152 వంటి కొలతల్లో బొమ్మలను సర్దారు. అందుకే ఈ మూడు కొలతలు ఎక్కడ చూసినా సిఫారసుల్లో కనిపిస్తాయి.

ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. ఆ కొలతలు ఖాళీ కాగితం మీద కొత్త బొమ్మ పుట్టించడానికి చక్కగా సరిపోతాయి. కానీ మన దగ్గర ఇప్పటికే ఒక ఫొటో ఉండి, దాన్ని సవరిస్తున్నప్పుడు అవి కచ్చితంగా సరిపోవు. ఫోన్ 9:16 ఫొటోను 768×1344 లోకి `Just resize` చేస్తే బొమ్మ 1.6 శాతం వెడల్పవుతుంది. 3:4 ఫొటోను 896×1152 లోకి తెస్తే 3.7 శాతం, కెమెరా 2:3 ఫొటోను 832×1216 లోకి తెస్తే 2.6 శాతం వెడల్పవుతుంది. ఒక్క ఫొటోను విడిగా చూస్తే ఇది కంటికి ఆనదు. కానీ ఎడిట్ చేసిన ముక్కను అసలు ఫొటో మీద తిరిగి పరచబోతే జరీ గీతలు రెండుగా కనిపిస్తాయి. ఒకే చీరను అసలు ఫొటోలోనూ, మార్చిన ఫొటోలోనూ పక్కపక్కన పెట్టినా, కొనేవాళ్ళకు ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది.

అందుకని నేను ప్రతి నిష్పత్తికీ దానికి కచ్చితంగా సరిపోయే కొలతను లెక్కగట్టి వాడతాను. ఈ లెక్కకు రెండు షరతులున్నాయి. వెడల్పు, ఎత్తు రెండూ 8 తో నిశ్శేషంగా భాగించబడాలి, ఎందుకంటే మోడల్ బొమ్మను ఒక్కో దిశలో 8 పిక్సెళ్ళకు ఒక గడి చొప్పున కుదించుకుని పనిచేస్తుంది. మొత్తం వైశాల్యం పది లక్షల పిక్సెళ్ళకు అటూఇటూగా ఉండాలి. ఈ షరతులతో చూస్తే 9:16 కు 720×1280, 3:4 కు 864×1152, 2:3 కు 832×1248 వస్తాయి. ఇవి శిక్షణ కొలతల జాబితాలో లేకపోయినా వాటికి చాలా దగ్గరగా ఉన్నాయి కాబట్టి, ఫొటోను సవరించే పనిలో మోడల్ తడబడదు. మీ విషయంలో 720×1280 కు ఇంకో సుగుణం కూడా ఉంది. అది 1080×1920 లో సరిగ్గా మూడింట రెండు వంతులు. ఫలితాన్ని 1.5 రెట్లు పెంచితే పిక్సెల్ కూడా తేడా రాకుండా అసలు ఫొటో కొలతకు వస్తుంది.

వెబ్‌యూఐలో త్రికోణపు స్కేలు గుర్తు ఉన్న చిన్న బటన్ నొక్కితే ఫొటో కొలతలు వాటంతటవే పెట్టెల్లోకి వస్తాయి కదా, అదే వాడవచ్చు కదా అనిపించవచ్చు. అది 1080×1920 నే తెస్తుంది. నిష్పత్తి సరిగ్గానే ఉంటుంది కానీ వైశాల్యం ఇరవై లక్షలు దాటుతుంది. మోడల్ నేర్చుకున్నదానికి ఇది రెట్టింపు. అలాంటప్పుడు, మోడల్ ఫొటోను ఎంత మేరకు మార్చవచ్చో చెప్పే `Denoising strength` ఎక్కువగా ఉంటే నడుము పొడుగెక్కుతుంది, మోకాలి దగ్గర ఇంకో వరుస కుచ్చిళ్ళు మొలుస్తాయి, కొంగు రెండుసార్లు కనిపిస్తుంది. ఇది కూడా సాగినట్టే కనిపిస్తుంది కానీ కారణం వేరు. కొలత కుదింపు చేసిన పని కాదిది, తనకు అలవాటు లేనంత ఎత్తును నింపడానికి మోడల్ పడిన పాట్లు. బటన్‌తో కొలత తెచ్చుకుంటే, `Resize by` అనే ట్యాబ్‌లో స్కేలు తగ్గించండి. అది నిష్పత్తిని కాపాడుతూనే కొలత తగ్గిస్తుంది.

మరి మీ ముందున్న ఫొటోలో సాగింది కొలత వల్లనా, మోడల్ వల్లనా అన్నది ఎలా తెలుసుకోవాలి? `Inpaint area` లో `Whole picture` ఉంచి, `Denoising strength` ను 0.05 కు తగ్గించి ఒకసారి నడపండి. అంత తక్కువలో మోడల్ దాదాపు ఏమీ మార్చదు. అయినా చీర లావుగా వస్తే తప్పు కొలతలదే. చీర సరిగ్గా వచ్చి, 0.6 లేదా 0.7 దగ్గర మాత్రమే చెడితే తప్పు మోడల్‌దో, మార్చాల్సిన చోటును చూపడానికి మీరు గీసిన మాస్క్‌దో. పరీక్ష చేసే వీలు లేకపోతే వెనక ఉన్న వస్తువులను చూడండి. కొలత వల్ల సాగిన ఫొటోలో గుమ్మం, స్తంభం, ముఖం అన్నీ ఒకే పాళ్ళలో సాగుతాయి, నుదుటి మీద గుండ్రటి బొట్టు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. మోడల్ వల్ల సాగినప్పుడు మాస్క్ గీసిన బట్ట ఒక్కటే మారి, గుమ్మం మామూలుగా ఉంటుంది. మంగళగిరి గళ్ళ చీర అయితే పని ఇంకా సులువు. అసలు ఫొటోలో చతురస్రంగా కనిపించే ఒక గడిని ఎంచుకుని, ఫలితంలో అదే గడి వెడల్పు, ఎత్తు కొలవండి. గడి నిష్పత్తి మారితే ఎన్ని పాళ్ళు మారిందో అంకెతో సహా తెలుస్తుంది.

లోపల ఏ కొలతలు వాడుతున్నారో చెప్పని ఆన్‌లైన్ పరికరాలకు కూడా ఇలాంటి పరీక్షే ఉంది. ఫొటో పంపే ముందు నాలుగు వైపులా సన్నని ఎర్ర గీత, ఖాళీ గోడ మీద ఒక కచ్చితమైన వృత్తం గీసి పంపండి. తిరిగివచ్చినదాంట్లో ఏ వైపు గీత లేకపోతే ఆ వైపు కోసినట్టు, వృత్తం దీర్ఘవృత్తమైతే సాగదీసినట్టు. మంచి చీర ఫొటోలు పంపేముందు ఇలా ఒకటి పంపి చూసుకుంటే, ఆ పరికరాన్ని నమ్మవచ్చో లేదో వెంటనే తేలిపోతుంది.

ఇప్పుడు మీ అసలు పని, జాకెట్టు మార్చడం. `Whole picture` లో జాకెట్టు మార్చడం వృథా అని నా అభిప్రాయం. కారణం చెప్తాను. మీ ఫొటోలో జాకెట్టు సుమారు 300×240 పిక్సెళ్ళు ఉంటుందనుకుందాం. 720×1280 కు తగ్గించగానే అది 200×160 అవుతుంది. మోడల్ దాన్ని 8 వంతుకు కుదించుకుంటుంది కనుక దాని లెక్కలో మొత్తం జాకెట్టు 25×20 గడులు మాత్రమే. చేతి అంచున ఉన్న జరీ పట్టీ అసలు ఫొటోలో 24 పిక్సెళ్ళ వెడల్పు ఉంటే, ఇక్కడ దానికి దక్కేవి రెండు గడులు. రెండు గడుల్లో గోపురం బొమ్మలు గానీ, చిన్న బుటాలు గానీ నిలవవు. అవి పసుపు మరకలుగా కరిగిపోతాయి.

`Only masked` పెడితే కథ మారుతుంది. వెబ్‌యూఐ మొత్తం ఫొటోను ముట్టుకోకుండా, మాస్క్ చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రమే కత్తిరించి, దాన్ని మీరు చెప్పిన కొలతకు పెంచి, మార్పు చేసి, మళ్ళీ కుదించి అసలు చోటనే అతికిస్తుంది. మన లెక్కలో 300×240 మాస్క్‌కు నాలుగు వైపులా 100 చొప్పున కలిపితే 500×440 అవుతుంది. మీరు అడిగింది చతురస్రం కనుక దాన్ని 500×500 కు విస్తరిస్తుంది. గమనించండి, ఇక్కడ అది సాగదీయదు, ఆ నిష్పత్తికి సరిపోయేలా చుట్టూ ఇంకొంచెం ఫొటోను కలుపుకుంటుంది. తర్వాత ఆ ముక్క 1024×1024 కు పెరుగుతుంది. అంటే రెండు రెట్లకు పైగా పెద్దదై, 24 పిక్సెళ్ళ పట్టీ దాదాపు 49 పిక్సెళ్ళు అవుతుంది, గడుల్లో చెప్పాలంటే ఆరు. రెండు గడులకూ ఆరు గడులకూ మధ్య ఉన్న తేడా ఫలితంలో స్పష్టంగా కనిపిస్తుంది. చివరికి బయటికి వచ్చే ఫొటో 1080×1920 గానే ఉంటుంది. ముఖం, కుచ్చిళ్ళు, కింది అంచు అసలు ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే మిగులుతాయి.

ఆ 100 అన్న అంకె గురించి ఒక మాట. మొదటి నుంచీ ఉండే 32 తో నడిపితే మోడల్‌కు జాకెట్టు తప్ప చుట్టూ ఇంకేమీ కనిపించదు. భుజం ఎక్కడ మొదలైంది, మెడ ఎంత వెడల్పు, నడుము ఎటు తిరిగింది అన్నవి తెలియకుండానే అది జాకెట్టు కుట్టేస్తుంది. అందుకే కొన్నిసార్లు మెడ చాలా పెద్దదిగానో, చేతులు వదులుగానో వచ్చి, కొలత తప్పినట్టు కనిపిస్తాయి. గడ్డం, మోచేయి, నడుము కొంత కనిపించేలా విస్తరిస్తే ఈ లోపం చాలావరకు పోతుంది. అలాగని 200, 256 దాకా పెంచితే కత్తిరించిన ముక్క పెద్దదై, మనం సంపాదించుకున్న వివరం మళ్ళీ తగ్గుతుంది. మాస్క్ వెడల్పులో మూడో వంతు అన్నది నేను పాటించే అంచనా.

మాస్క్ ఆకారాన్ని బట్టి కొలత మార్చుకోవడం కూడా మంచిది. భుజం మీంచి మడమల దాకా జారే కొంగును మార్చాలంటే అది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దానికి 1024×1024 పెడితే చుట్టూ అనవసరమైన గోడంతా కలుపుకుంటుంది. 704×1408 పెడితే 1:2 నిష్పత్తి వస్తుంది, వైశాల్యం కూడా సరిపోతుంది, ఉన్న పిక్సెళ్ళన్నీ కొంగుకే పోతాయి.

చీర మొత్తం మార్చే పనిలో మాత్రం `Only masked` వల్ల పెద్ద లాభం లేదు, మాస్క్ దాదాపు ఫొటో అంత ఉంటుంది కాబట్టి. అక్కడ 720×1280 తో `Whole picture` నడిపి, ఫలితాన్ని 1.5 రెట్లు పెంచి, జింప్‌లోనో ఫొటోషాప్‌లోనో అసలు ఫొటో మీద ఒక పొరగా పరచి, మాస్క్ ఉన్నంత మేరకే కొత్తది కనిపించేలా చేయండి. మాస్క్‌ను బయట తయారుచేసుకుంటే, ఫొటోకు ఏ మార్పు చేస్తే మాస్క్‌కూ అదే మార్పు చేయాలి. ఫొటోకు పక్కన ఖాళీ కలిపి మాస్క్‌కు కలపడం మరచిపోతే, రంగు చీర మీద కాకుండా పక్కకు జరిగి పడుతుంది. దీన్ని చూసి మోడల్ సరిగ్గా లేదనుకుని మోడళ్ళు మార్చుకుంటూ పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు.

వెబ్‌యూఐ బదులు నోడ్‌లు కలుపుతూ పనిచేసే కంఫీయూఐ వాడేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకు ఎదురయ్యే రెండు చిక్కులు చెప్తాను. `Upscale Image` నోడ్‌లో `crop` దగ్గర `disabled` అని ఉంటుంది. కోయవద్దు అన్నాం కదా, ఇక క్షేమం అనుకుంటాం. నిజానికి కోయకపోవడం అంటే అక్కడ సాగదీయడమే. వెడల్పు, ఎత్తు రెండూ ఇచ్చి, నిష్పత్తి కలవకపోతే అది `Just resize` లాగే ప్రవర్తిస్తుంది. రెండింటిలో ఒకదాన్ని 0 పెడితే మిగిలినదాన్ని నిష్పత్తి ప్రకారం అదే లెక్కగట్టుకుంటుంది. రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. మొత్తం పిక్సెళ్ళను బట్టి కొలత మార్చే నోడ్‌లో ఒక మెగాపిక్సెల్ అని పెడితే, మీ 1080×1920 ఫొటో 768×1365 అవుతుంది. 1365 అన్నది 8 తో భాగించబడదు కాబట్టి, బొమ్మను గడులుగా కుదించే `VAE Encode` నోడ్ చడీచప్పుడు లేకుండా 5 వరుసలు కోసి 1360 చేస్తుంది. పైన రెండు, కింద మూడు. అయిదు వరుసలకు చీర అంచు పోదు గానీ, ఫలితాన్ని అసలు ఫొటో మీద పరిచినప్పుడు అంతా రెండు పిక్సెళ్ళు పైకి జరిగి ఉంటుంది. జరీ గీత పక్కనే నీడలాంటి ఇంకో గీత కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. 8 తో భాగించబడే కొలతను ముందే మనమే ఇస్తే ఈ సమస్య పుట్టదు.

నిష్పత్తిని మన చేతిలో ఉంచని సందర్భం ఒకటి ఉంది. ఒకరి ఫొటో మీద వేరే బట్టను తొడిగి చూపించే మోడళ్ళలో చాలావాటికి, ఉదాహరణకు ఐడీఎం-వీటాన్‌కు, కొలత 768×1024 గా స్థిరపడి ఉంటుంది. అది 3:4. మీ 9:16 ఫొటోను నేరుగా ఇస్తే మనిషి మూడో వంతు లావెక్కుతారు. ఇలాంటి చోట కోయకుండా, సాగదీయకుండా ఉన్న ఏకైక మార్గం రెండు పక్కలా ఖాళీ చేర్చడం. ఎత్తు 1920 కి 3:4 ప్రకారం వెడల్పు 1440 కావాలి, అంటే ఒక్కో పక్క 180 పిక్సెళ్ళు. ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఒక్క ఆదేశంతో అయిపోతుంది:

```
magick saree.jpg -auto-orient -background "#d9d9d9" -gravity center -extent 1440x1920 padded.png
```

రంగు సంకేతం స్థానంలో మీ ఫొటో వెనక గోడ రంగు పెట్టండి. నల్లటి పట్టీ పెడితే దాన్ని మోడల్ ఒక వస్తువుగా భావించి, చేతి పక్కన నల్లని నీడలు తెస్తుంది. `-auto-orient` ను వదలకండి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే భద్రపరచి, తిప్పి చూపించమని ఒక గుర్తు మాత్రం రాసి పెడతాయి. ఆ గుర్తును పట్టించుకోని పరికరం చేతిలో మీ నిలువు ఫొటో అడ్డంగా పడి, లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఈ 1440×1920 ఫొటో 768×1024 కు తగ్గినప్పుడు నిష్పత్తి చెడదు. ఫలితం వచ్చాక పక్క ఖాళీలు తీసేయాలి. అసలు ఫొటో భాగం ఇప్పుడు 576 వెడల్పులో ఉంటుంది కాబట్టి:

```
magick out.png -gravity center -crop 576x1024+0+0 +repage result.png
```

దీనితో మళ్ళీ కచ్చితమైన 9:16 వస్తుంది. ఇందులో మనం చెల్లించే మూల్యం వివరం. 768 లో 576 మాత్రమే మనిషికి దక్కింది. అందువల్ల ఈ పనికి వాడతామని ముందే తెలిస్తే ఫోన్ కెమెరాను 3:4 లో పెట్టి తీయడమే మేలు.

మనిషి ఫొటోను ఇంత జాగ్రత్తగా సర్దినవాళ్ళు కూడా బట్ట ఫొటోను మరచిపోతుంటారు. తొడగాల్సిన కుర్తాను నేల మీద పరచి తీసిన ఫొటో తరచుగా చతురస్రంగా ఉంటుంది. దాన్ని కూడా ఆ మోడల్ 3:4 లోకి తెస్తుంది. అప్పుడు కుర్తా వెడల్పు నాలుగో వంతు తగ్గి, దాని మీది గుండ్రటి బుటాలు నిలువుగా సాగుతాయి. మనిషి చక్కగా ఉండి, ఒంటి మీది బుటాలు మాత్రం సాగి ఉంటే తప్పు ఇక్కడే జరిగింది. 1200×1200 కుర్తా ఫొటోకు పైనా కిందా 200 చొప్పున తెల్లని ఖాళీ చేర్చి 1200×1600 చేస్తే సరిపోతుంది. చీర విషయంలో మాత్రం ఈ తరహా మోడళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దని చెప్తాను. వాటికి నేర్పిన ఫొటోలు ఎక్కువగా చొక్కాలు, టాప్‌లు, గౌన్లవి. కట్టు, కుచ్చిళ్ళు, కొంగు వాటికి తెలియవు. అక్కడ కొలతలు ఎంత సరిగ్గా పెట్టినా కొంగు ఎక్కడో ఒకచోట మాయమవుతుంది.

సెట్టింగులతో సరికానివి కూడా కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో వెడల్పు లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే, ఫ్రేము చివర్లలో ఉన్న చీర అంచు ఫొటోలోనే సాగి ఉంటుంది. మామూలు లెన్స్‌తో, ఫోన్‌ను నడుము ఎత్తులో పట్టుకుని, కొంచెం దూరం నుంచి తీస్తే అది రాదు. కింది అంచు ఫొటో తీసేటప్పుడే ఫ్రేము బయట పడిపోతే, దాన్ని మోడల్‌తో గీయించడం సాధ్యమే. కానీ వచ్చేది మీ చీర అంచు కాదు, మోడల్ ఊహించిన అంచు. అమ్మకానికి పెట్టే చీరకు అలా చేయడం కొనేవాళ్ళకు లేని నేతను చూపించడమే అవుతుంది కాబట్టి, నేనైతే మళ్ళీ ఫొటో తీయమనే అంటాను. తీసేటప్పుడు పాదాల కింద ఫ్రేము ఎత్తులో పదో వంతు ఖాళీ వదిలితే, ఆ తర్వాత ఎక్కడ కొంచెం కోత పడినా అంచు దాకా రాదు.

చివరగా ప్రచురించే కొలత. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు 4:5 లో, అంటే 1080×1350 లో పెట్టాలనుకుంటే, ఎడిట్ ఆ కొలతలో మొదలుపెట్టకండి. అసలు ఫొటో నిష్పత్తిలోనే పని పూర్తిచేసి, 1080×1920 ఫలితాన్ని భద్రపరచుకుని, దాని నుంచి పోస్టు కోసం వేరే ప్రతి తయారుచేయండి. 1920 ఎత్తును 1350 కి నిష్పత్తి చెడకుండా తగ్గిస్తే వెడల్పు 759 వస్తుంది, మిగిలిన 321 పిక్సెళ్ళను రెండు పక్కలా గోడ రంగుతో నింపండి. పక్క ఖాళీలు బాగోలేవనిపించి పైనా కిందా కోయాలనుకుంటే, ఎక్కడ కోయాలో యాప్‌కు వదలకుండా మీరే నిర్ణయించండి. మొత్తం 570 వరుసలు పోవాలి. తల పైన ఎంత ఖాళీ ఉందో, పాదాల కింద ఎంత ఉందో కొలిచి, ఆ రెండూ కలిపి 570 కి తక్కువైతే ఆ ఫొటోను 4:5 లో కోయకుండా ఖాళీలతోనే పెట్టండి.